వారసుల అఫిడవిట్‌లో బండి గురించే రాయండి: నోటరీలకు, టైపింగ్ షాపులవాళ్ళకు ఒక గుమాస్తా బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆర్టీఓ ఆఫీసుల బయట, కోర్టుల దగ్గర టైపింగ్ షాపులు నడిపేవాళ్ళకు, దస్తావేజులు రాసేవాళ్ళకు, నోటరీ అడ్వకేట్లకు నమస్కారం.

నేను కావలిలో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాను. మీరు టైప్ చేసి, సీల్ వేసి పంపిన కాగితాలు కొన్నాళ్ళకు తగాదా రూపంలో మా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో ఒక రకం గురించే ఈ లేఖ. ఇంటి పెద్ద చనిపోయాక ఆయన పేరున ఉన్న బండిని వారసుల్లో ఒకరి పేరుకు మార్చడానికి మిగతావాళ్ళు సంతకం చేసే అఫిడవిట్ అది. చాలామంది దాన్ని చిన్న కాగితం అనుకుంటారు. మీరు కూడా దాన్ని కాఫీ చల్లారేలోపు ముగించేస్తున్నారు. అందులో పడే ఒక్క వాక్యంతో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కోర్టు మెట్లెక్కుతున్నారు.

ముందు చట్టం ఏమడుగుతుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, యజమాని చనిపోతే బండి ఎవరి స్వాధీనంలోకి వచ్చిందో వాళ్ళే పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఎలా చేయాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 56వది చెబుతుంది. చనిపోయిన 30 రోజుల్లోపు ఆ సంగతి, బండి వాడుకోబోతున్న సంగతి ఆర్టీఓకు తెలియజేస్తే మూడు నెలలు బండి నడుపుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలి. దానికి జతగా ఆ నిబంధన అడిగేవి ఫీజు, మరణ ధ్రువీకరణ పత్రం, ఆర్‌సీ, ఇన్సూరెన్స్. అంతే.

గమనించారా? వారసుల అఫిడవిట్ ఆ జాబితాలో లేదు. అయినా ఆఫీసులు అడుగుతాయి, అడగడంలో తప్పు కూడా లేదు. ఆర్‌సీలో ఒకరి పేరే ఎక్కిస్తారు, వారసులేమో నలుగురైదుగురు ఉంటారు. రేపు ఇంకొకరు వచ్చి గొడవ పెడితే ఆఫీసు దగ్గర కాగితం ఉండాలి కదా. అయితే నిబంధనలో లేనిది కాబట్టి దానికి ఇంత మాత్రమే రాయాలనే నమూనా అక్కడ లేదు. ఎలా రాయాలనేది మీ షాపులో కంప్యూటర్‌లో దాచుకున్న పాత ఫైలే నిర్ణయిస్తోంది. ఆ ఫైలు ఎవరో ఎప్పుడో భూమి పంపకానికి రాయించుకున్నది అయితే, ఆ మాటలన్నీ బండి అఫిడవిట్‌లోకి దిగిపోతున్నాయి.

మా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఊరు, పేర్లు వదిలేస్తున్నాను. అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసుకునే ఒకాయన గుండెపోటుతో పోయారు. ఆయనకు తల్లి, భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు. పెద్దమ్మాయి చెన్నైలో కాపురం, రెండో అమ్మాయి భర్తతో కువైట్‌లో ఉంటుంది. చెరువులు చూసుకునేది కొడుకే. నాయన పేరున ఒక కారు ఉంది, అప్పటి ధర నాలుగు లక్షలు వేసుకోండి. కారు కొడుకు పేరుకు మార్చాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. అక్కడిదాకా ఏ పేచీ లేదు.

పెద్దకర్మ రోజు అందరూ ఇంట్లోనే ఉంటారు కదా అని కొడుకు ముందురోజే టైపింగ్ షాపులో కాగితాలు కొట్టించి తెచ్చాడు. భోజనాల హడావిడిలో పెద్దమ్మాయి స్తంభానికి ఆనుకుని సంతకం చేసింది. తర్వాత ఏడాదికి భూమి పంపకం మాట వచ్చినప్పుడు తమ్ముడు ఆ కాగితం జిరాక్సు తీశాడు. ఆమె మా దగ్గరికి వచ్చి అడిగిన మాట ఇది: "అన్నా, బండి కోసమని సంతకం అడిగారు, పెట్టాను. ఇప్పుడు చెరువుల్లో నీకేం లేదంటున్నాడు. నిజంగా పోయినట్టేనా?"

కాగితం చూశాం. కారు నంబరు, ఛాసిస్ నంబరు అన్నీ సరిగానే ఉన్నాయి. చివరి పేరాలో మాత్రం ఇలా ఉంది: "సదరు మృతుని స్థిర చరాస్తులన్నిటిపై నాకు గానీ నా వారసులకు గానీ ఇప్పుడు గానీ ఇకముందు గానీ ఎట్టి హక్కు లేదని, ఉన్న హక్కును నా సోదరునికి వదులుకుంటున్నానని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను."

కారు పేరు మార్పుకు ఈ వాక్యం ఎందుకు? ఆర్టీఓ ఆఫీసు దాన్ని అడగదు. అక్కడి క్లర్కు చదివేది కారు నంబరు, సంతకం, నోటరీ సీలు.

ఆమె ప్రశ్నకు మా వకీలు గారు ఇచ్చిన జవాబు మీరూ తెలుసుకోవాలి. వంద రూపాయలు, అంతకుమించి విలువ ఉన్న స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. కాబట్టి ఈ నోటరీ కాగితంతో చెరువుల్లో, ఇంటిలో ఆమె వాటా పోదు. అయితే కథ అక్కడితో అయిపోదు. బ్యాంకులో డబ్బు, బంగారం, ఎయిరేటర్లు, మోటార్లు, రొయ్యల కొనుగోలుదారుల దగ్గర రావాల్సిన బాకీ, ఇవన్నీ చరాస్తులు. వాటికి ఆ రిజిస్ట్రేషన్ రక్షణ లేదు. ఆ వాక్యాన్ని ఆమె ఒప్పుకున్న మాటగా కోర్టులో చూపించే వీలుంది. దాన్ని కాదనాలంటే ఆమె సాక్ష్యం చెప్పాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. పోని హక్కు కోసం కూడా కేసు వేసుకుని తిరగాల్సి రావడం ఎంత టెన్షనో ఆమె మొహం చూస్తే తెలిసింది.

రెండో అమ్మాయి కాగితం ఇంకా ఘోరం. ఆమె పెద్దకర్మ కాకముందే సెలవు చాలక కువైట్ వెళ్ళిపోయింది. అఫిడవిట్ మీద మాత్రం ఆమె సంతకం ఉంది, దాని కింద నోటరీ సీలు ఉంది, తేదీ పెద్దకర్మ మరుసటి రోజుది. ఆమె పాస్‌పోర్టులో చెన్నై విమానాశ్రయం ఇమ్మిగ్రేషన్ ముద్ర అంతకుముందు తేదీతో ఉంది. సంతకం ఎవరు గీశారో నాకు తెలియదు, చెప్పను. తమ్ముడు "అక్కకు ఫోన్ చేసి అడిగాను, సరే అంది" అంటాడు. ఆమె కూడా కాదనదు, కారు వాడికే ఇవ్వాలని ఆమెకూ ఉంది. కానీ ఫోన్లో అన్న 'సరే' సంతకం కాదు. సంతకం పెట్టే మనిషి ఎదుట లేకుండా నా ఎదుట పెట్టారని నోటరీ రాస్తే ఆ మచ్చ నోటరీ రిజిస్టరులో శాశ్వతంగా ఉంటుంది. పాస్‌పోర్టు ముద్ర ఒక్కటి చాలు మొత్తం కాగితాన్ని తిప్పికొట్టడానికి.

కువైట్‌లో ఉన్నవాళ్ళకు దారి లేదని కాదు. అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి అధికారి ఎదుట సంతకం చేస్తే అక్కడే ధ్రువీకరించి ఇస్తారు. అసలు కాగితం కొరియర్‌లో పంపిస్తే సరిపోతుంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నవాళ్ళయితే ఉన్న ఊళ్ళోనే నోటరీ చేయించి పంపొచ్చు. అఫిడవిట్ కావలిలోనే, నెల్లూరులోనే చేయాలని ఎక్కడా లేదు. ఈ మాట షాపుకి వచ్చినవాళ్ళకు మీరు చెబితే సంతకం గీసే అవసరం ఎవరికీ రాదు.

ఇంకొక సంగతి ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడింది. అన్నిటిలోనూ "మృతునికి వారసులు నలుగురు మాత్రమే" అని ఉంది. ఆయన తల్లి పేరు ఎక్కడా లేదు. ఆవిడ చిన్నకొడుకు దగ్గర వేరే ఊళ్ళో ఉంటుంది. తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చుకున్న కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో భార్యాబిడ్డల పేర్లే రాయించుకున్నారు, దాన్ని చూసి మీరూ నలుగురే అని కొట్టారు.

హిందూ వారసత్వ చట్టంలో విల్లు రాయకుండా చనిపోయిన మగవాడి ఆస్తికి మొదటి తరగతి వారసుల్లో తల్లి కూడా ఉంది. ఆ తరగతిలో తండ్రి లేడు, తల్లి ఉంది. కొడుకు, కూతురు, భార్య, తల్లి తలా ఒక సమాన వాటా. మన కేసులో నాలుగు లక్షల కారు ఐదు వాటాలు అవుతుంది, ఒక్కొక్కటి 80 వేలు. అవ్వకు 80 వేలు వస్తుందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆవిడ తర్వాత ఆ వాటా ఆవిడ వారసులకు, అంటే మిగతా కొడుకులకు, కూతుళ్ళకు కూడా పోతుంది. చిన్నాన్న రేపు పేచీ పెడితే "వారసులు నలుగురే" అని ప్రమాణం చేసిన నలుగురూ అబద్ధం చెప్పినట్టు అవుతుంది. తెలియక చెప్పినా సరే, ప్రమాణపత్రం ప్రమాణపత్రమే.

అందుకే వచ్చినవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: "ఆయన అమ్మ ఉన్నారా?" ఆ వెంటనే ఇంకోటి: "ఆయన కంటే ముందు పోయిన కొడుకు గానీ కూతురు గానీ ఉన్నారా?" ఉంటే వాళ్ళ పిల్లలూ, ఆ కొడుకు భార్యా ఆ వాటాకు వస్తారు. పెళ్ళయిన కూతురు వారసురాలు కాదనే మాట ఇంకా మన ఊళ్ళల్లో వినిపిస్తుంది, దాన్ని మీ షాపులో ఒప్పుకోకండి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ లెక్క వేరు. ఆ కుటుంబాలు వస్తే ఎవరెవరు వారసులో వకీలుని అడిగి రమ్మనడం మేలు.

పిల్లలు మైనర్లయితే ఏం చేయాలని కొందరు భయపడతారు. మైనరు స్థిరాస్తి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి, కారు లాంటి చరాస్తికి ఆ నిబంధన లేదు. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు, మైనరు తరఫున ఆవిడ సంతకం చేయొచ్చు. అయితే బండి ఆవిడ పేరుకే మారుతుంటే, ఆ సంగతి దాచకుండా మైనరు పేరు, పుట్టిన తేదీ, ఆవిడ ఎవరి తరఫున సంతకం చేస్తుందో అఫిడవిట్‌లో స్పష్టంగా రాయండి.

కొన్ని చోట్ల "సక్సెషన్ సర్టిఫికెట్ తెండి" అని ఆర్టీఓ కౌంటర్ దగ్గర చెప్పి మనుషులను కోర్టుకు తోలుతున్నారు. సక్సెషన్ సర్టిఫికెట్ చనిపోయినవాళ్ళకు రావాల్సిన బాకీలకు, సెక్యూరిటీలకు, అంటే బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బాండ్ల వంటివాటికి. కారు, స్కూటరు బాకీ కాదు, సెక్యూరిటీ కాదు. వారసుల మధ్య నిజంగా తగాదా ఉంటే సివిల్ కోర్టులో తేల్చుకోవాల్సిందే, అది వేరే సంగతి. తగాదా లేని ఇంటికి మరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం, అందరి అఫిడవిట్లు చాలు. ఎవరైనా అంతకుమించి అడిగితే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వమని మర్యాదగా అడగమని మీ దగ్గరికి వచ్చినవాళ్ళకు చెప్పండి.

ఇప్పుడు అసలు అఫిడవిట్ ఎలా ఉండాలో. మా వకీలు గారు భార్యకూ, ఇద్దరు కూతుళ్ళకూ, అవ్వకూ మళ్ళీ రాయించిన కాగితంలో పెద్దమ్మాయిది ఇలా ఉంది. పేర్లు తీసేశాను.

"మా నాయన ఫలానా వారు ఫలానా తేదీన మరణించారు. ఆర్‌సీలో ఆయన ఇంటిపేరు పొడి అక్షరంగా, మరణ ధ్రువీకరణ పత్రంలో పూర్తిగా ఉంది. రెండు పేర్లూ ఒకే వ్యక్తివి. ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు, ఫలానా ఛాసిస్ నంబరు, ఫలానా ఇంజిన్ నంబరు గల కారు ఆయన పేరున ఉంది. ఆయనకు వారసులు తల్లి, భార్య, ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు, మొత్తం ఐదుగురు. నాకు తెలిసినంతవరకు వేరే వారసులు లేరు. పై కారు రిజిస్ట్రేషన్‌ను మా తమ్ముడి పేరుకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ అఫిడవిట్ పై కారు రిజిస్ట్రేషన్ మార్పు వరకే. మా నాయన ఇతర స్థిర చరాస్తుల్లో నా హక్కులకు దీనితో సంబంధం లేదు."

చివరి రెండు వాక్యాలు చూడండి. మీ పాత ఫైల్లో ఉన్న దానికి ఇవి సరిగ్గా ఎదురు. ఆర్టీఓ ఆఫీసులో దీన్ని ఎవరూ తిప్పి పంపలేదు, ఎందుకంటే వాళ్ళకు కావలసిన మాట "అభ్యంతరం లేదు" అన్న వాక్యంలో పూర్తిగా ఉంది. పొడి అక్షరాల వాక్యం కూడా వదలకండి. మన జిల్లాల్లో పాత ఆర్‌సీల్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్ళయిన కూతురి ఇంటిపేరు మారి ఉంటే అది కూడా ఆమె కాగితంలోనే రాయాలి. దరఖాస్తు తిరిగి రావడానికి కారణాల్లో ఇదొకటి.

కారు ధరలో వాటా సంగతి అఫిడవిట్‌లో రాయకపోవడమే మేలు. అక్కకు 80 వేలు ఇచ్చారా, ఆమె తమ్ముడికి వదిలేసిందా, భూమి పంపకంలో లెక్క చూసుకుంటారా అన్నది ఇంటి లెక్క. అడిగితే దానికి వేరే కాగితం రాయండి. ఆర్టీఓ ఫైల్లో అది అనవసరం.

ఒకే అఫిడవిట్ మీద ఐదుగురి సంతకాలు కాకుండా ఎవరిది వాళ్ళకు విడిగా రాయడం మంచిదని నా అభిప్రాయం. కొంచెం ఖర్చు ఎక్కువే. కానీ ఒకరు చెన్నైలో, ఒకరు కువైట్‌లో ఉన్నప్పుడు ఒకే కాగితం ఊళ్ళు తిరగలేదు, సందు దొరికితే చాలు ఎవరో ఒకరు పక్కవాళ్ళ సంతకం కూడా గీసేస్తారు. అవ్వ లాంటి వేలిముద్ర వేసేవాళ్ళకు తెలుగులోనే రాసి, చదివి వినిపించి, "చదివి వినిపించగా అర్థం చేసుకుని వేలిముద్ర వేశారు" అని చదివిన మనిషి పేరుతో సహా రాయండి. మన అవ్వ విని అడిగింది ఒకటే: "కారు అబ్బికే కదా? చేనుకి కాదు కదా?" ఆవిడకు అర్థమైంది.

ఎవరి పేరున మార్చాలనే విషయంలో కూడా మీ మాట జనం వింటారు కాబట్టి చెబుతున్నాను. చాలా ఇళ్ళల్లో గౌరవానికి అమ్మ పేరున పెట్టిస్తారు, కారు మాత్రం కొడుకు నడుపుతాడు. ఇన్సూరెన్స్‌లో యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, ఆర్‌సీలో పేరున్న యజమానికి చెల్లే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. అమ్మకు లైసెన్సు లేకపోతే ఆ కవర్ ఆవిడకూ ఉపయోగపడదు, నడిపే కొడుక్కీ రాదు. ఆర్‌సీలో ఇంకా చనిపోయిన నాయన పేరే ఉన్నా అంతే. పాత పాలసీ కూడా వారసుల చేతిలో మరణం నుంచి మూడు నెలలు లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. అందుకే పేరు మారగానే పాలసీ కూడా మార్చుకోమని చెప్పండి. చెప్పకపోతే అది ఎవరికీ గుర్తుండదు.

కారు మీద ఫైనాన్స్ ఉంటే ఆ కంపెనీ సమ్మతి కావాలి. అప్పు తీరిపోయి ఆర్‌సీలో ఎంట్రీ అలాగే ఉంటే ఫారం 35 తెచ్చి ముందు దాన్ని తీయించాలి. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది, పేరు ఉంటే పని తేలిక. పాత బండ్ల ఆర్‌సీల్లో మాత్రం నామినీ ఉండేది తక్కువే.

చివరిగా ఒక పద్ధతి మీద నేరుగా అడుగుతున్నాను. వారసులు బండిని వెంటనే అమ్మేద్దామనుకుంటే, మీలో కొందరు చనిపోయినాయన సంతకంతో పాత తేదీ వేసి ఫారం 29, 30 సిద్ధం చేసి ఇస్తున్నారు. "రెండు సార్లు ఫీజు ఎందుకు అన్నా, ఒకేసారి కొన్నాయన పేరుకు పోతుంది కదా" అంటారు. ఆ ఫారాలు అమ్మేవాడు బతికి ఉండి పెట్టే సంతకానికి. చనిపోయినాయన బండి ముందు ఫారం 31తో వారసుడి పేరుకు రావాలి, ఆ తర్వాత వారసుడు 29, 30 మీద సంతకం చేసి అమ్మాలి. మధ్యలో ఆ కారుకు యాక్సిడెంట్ జరిగి మనిషి పోతే, ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది ఆ ఫారాల మీద తేదీ, పక్కన మరణ పత్రం తేదీ. ఆ రెండూ కలవకపోతే దొంగ సంతకం కేసు వారసుడి మీద పడుతుంది, కాగితం సిద్ధం చేసినవాళ్ళ మీదా పడుతుంది.

మీ కంప్యూటర్‌లో "బండి వారసుల అఫిడవిట్" అనే ఫైలు ఉంటే ఈ రోజే తెరిచి "స్థిర చరాస్తులన్నిటిపై" అనే మాట ఉందేమో వెతకండి. ఉంటే ఆ పేరా తీసేసి పైన రాసినట్టు పెట్టుకోండి. నమూనా కావాలంటే మా ఆఫీసుకు ఎవరొచ్చినా జిరాక్సు ఇస్తాం, దానికి డబ్బులు అక్కర్లేదు.

ఇట్లు,
కావలి నుంచి ఒక వకీలు గుమాస్తా